మూసుకోని ఏడు శాతం

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఏలూరులో కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. మా వర్క్‌షాపులో ఆరుగురం ఉండేవాళ్లం. ఐదుగురు మగవాళ్లు వైరింగు చేసేవారు, రేకు డబ్బాలకు రంధ్రాలు కోసేవారు. పి.ఎల్.సి.కి ప్రోగ్రామ్ రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పి.ఎల్.సి. అంటే ప్యానెల్ లోపల కూర్చుని మోటార్లకూ పంపులకూ ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటరు లాంటిది. దాన్ని వాడుకలో అందరం కంట్రోలర్ అనేవాళ్లం. అది రాయడం వచ్చినా, సైటుకు వెళ్తే మాత్రం నన్ను చూసి "ఇంజనీరు ఎప్పుడొస్తాడమ్మా?" అనే అడిగేవారు.

ఆ సంవత్సరం మాకొక పెద్ద పని దొరికింది. కొల్లేటి ఒడ్డున ఉన్న కొన్ని ఊళ్లకు మంచినీళ్లిచ్చే పథకం. ఆ ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు, చెరువులన్నీ చేపలకు. బిందెడు మంచినీళ్ల కోసం ఆడవాళ్లు సైకిళ్ల మీద ప్లాస్టిక్ డబ్బాలు కట్టుకుని మైళ్లు పోయేవారు. మా అమ్మ మండవల్లి వైపు పుట్టిన మనిషి కాబట్టి ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాలువ నీటిని పెద్ద చెరువులో నిల్వచేసి, మట్టి తేర్చి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, సంపులోకి దింపి, అక్కడి నుంచి పంపులతో ఊళ్లకు తోడాలి. సంపు అంటే నేలలో కట్టిన పెద్ద కాంక్రీటు తొట్టి. ఈ దారిలో ఉన్న వాల్వులన్నింటికీ మోటార్లు బిగించి, కంట్రోలర్‌తో నడిపించే పని మాది.

మోటారు వాల్వు నడిచే పద్ధతి చెప్తే తరవాత జరిగింది తేలిగ్గా అర్థమవుతుంది. కంట్రోలర్ "మూయి" అనగానే మోటారు తిరిగి, పైపులోని గుండ్రటి రేకును మెల్లగా అడ్డం తిప్పుతుంది. పూర్తిగా మూసుకున్నాక ఒక చిన్న స్విచ్ నొక్కుకుని "మూసుకున్నాను" అని కబురు పంపుతుంది. పూర్తిగా తెరుచుకున్న చోట అలాంటిదే ఇంకొకటి ఉంటుంది. వీటినే లిమిట్ స్విచ్‌లంటారు. ఇవి కాక, వాల్వు ఎంత తెరుచుకుని ఉందో సున్నా నుంచి వంద దాకా చెప్పే సిగ్నల్ ఒకటి వేరే తీగ మీద వస్తుంది. మా వాల్వులు పూర్తిగా మూసుకోవడానికి ముప్పై ఎనిమిది సెకన్లు పట్టేది. నేను ప్రోగ్రామ్‌లో యాభై సెకన్ల గడువు పెట్టాను. యాభై దాటినా లిమిట్ స్విచ్ నుంచి కబురు రాకపోతే కంట్రోలర్ ఆజ్ఞను వెనక్కి తీసుకుని, హారన్ మోగించి, ఎవరైనా వచ్చి చూసేదాకా అలాగే ఆగిపోతుంది.

ఆ ప్లాంటులో, అంతకుముందు వేరే పథకాల్లో పాతికేళ్లు వాల్వులు తిప్పిన ఆపరేటరు ఒకాయన ఉండేవారు. అక్కడి పాత చేతిచక్రాల వాల్వులన్నీ ఆయన చేతుల మీదే నడిచాయి. యాభై దాటిన మనిషి, మోచేతుల దగ్గర నరాలు తాళ్లలా ఉండేవి. నేను ఆయన్ని బాబాయి గారూ అని పిలిచేదాన్ని. మోటార్లు బిగిస్తున్న రోజుల్లో కరెంటు ఇంకా రాలేదు. ప్రతి వాల్వునూ పక్కనున్న చిన్న చక్రంతో చేత్తో తిప్పి చూడాల్సి వచ్చింది. ఆ పని ఆయనే చేశారు. ఒక్కో వాల్వుకు ఎన్ని చుట్లో సున్నంతో గోడ మీద రాసుకున్నారు. కరెంటు వచ్చి, బటన్ నొక్కగానే వాల్వులు వాటంతటవే కదిలిన రోజున ఆయన చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డారు.

"బావుందండి అమ్మాయి గారూ. ఇక మా చేతులకి విశ్రాంతి," అన్నారు. ఆ మాటలో సంతోషం లేదని నాకు తెలిసింది.

పథకం మొదలై కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒక వేసవిలో సంపు కడగడానికి రెండు రోజులు నీళ్లు ఆపారు. మూడో రోజు పొద్దున్నే మా సార్ నాకు ఫోన్ చేశారు. సార్ అంటే మా వర్క్‌షాపు యజమాని.

"ప్లాంటులో పంపులు లేవట్లేదంటమ్మా. ఏఈ గారు ఒకటే ఫోన్లు. నువ్వు వెళ్లు, నేను ఇంకో సైటులో ఉన్నాను," అన్నారు.

తాడేపల్లిగూడెం బస్సెక్కి, దెందులూరు దాటాక దిగి, ఆటోలో కాలువ గట్టు వెంట వెళ్లాను. చేతిలో మల్టీమీటరు, భుజాన వర్క్‌షాపు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క లాప్‌టాప్. ప్లాంటు గేటు దగ్గరికి వెళ్లేసరికే ఏఈ గారు, అంటే ఆ పథకాన్ని చూసే ప్రభుత్వ ఇంజనీరు, ఎదురొచ్చారు. రెండు చేతుల్లో రెండు సెల్‌ఫోన్లు. ఒకటి మోగుతూనే ఉంది.

"మూడో రోజమ్మా. సర్పంచులందరూ ఫోన్లు చేస్తున్నారు. సంపు నిండా నీళ్లున్నాయి. పంపు మాత్రం లేవదు. మీ ప్యానెల్ వల్లే," అన్నారు. ఆయన కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. ఆయన మీద నాకు కోపం రాలేదు.

ప్యానెల్ తలుపు మీద బైపాస్ వాల్వు ఎర్రదీపం వెలుగుతోంది. చిన్న తెర మీద "వాల్వు ఫెయిల్" అని మాత్రమే ఉంది. ఆ రెండు ముక్కలూ నేను రాసినవే.

బైపాస్ వాల్వు సంగతి ఇదీ. తేర్చిన నీరు ఛానెల్ అనే కాంక్రీటు కాలువలోకి వచ్చి, మామూలుగా ఫిల్టర్ల మీదుగానే సంపులోకి దిగాలి. అయితే సంపు కడిగేటప్పుడు ఉధృతంగా నీళ్లు వదలడానికి, ఫిల్టర్లను తప్పించి ఛానెల్ నుంచి నేరుగా సంపులోకి వెళ్లే పైపు ఒకటి ఉంది. ఆ పైపు మీద ఉన్నది బైపాస్ వాల్వు. అది మూసుకున్నట్టు లిమిట్ స్విచ్ చెప్పనిదే ఊళ్లకు తోడే పంపులు లేవకూడదని నేను ప్రోగ్రామ్‌లో రాశాను. ఆ వాల్వు కాస్త తెరిచి ఉన్నా వడకట్టని నీరు మంచినీళ్లలో కలిసిపోతుంది. సంపు కడిగాక నిన్న సాయంత్రం వాల్వు మూయమన్నారు. యాభై సెకన్లకు హారన్ మోగింది. షిఫ్టులో ఉన్నవాళ్లు హారన్ ఆపేసి, ఫిల్టర్ల నుంచి నీళ్లు వదిలి సంపు నింపేశారు. పొద్దున పంపు బటన్ నొక్కితే కంట్రోలర్ ఒప్పుకోలేదు.

"ఆ గడువేదో పెంచెయ్యి. యాభై కాకపోతే వంద సెకన్లివ్వు," అన్నారు ఏఈ గారు.

నేను హారన్ రీసెట్ చేసి, వాల్వు దగ్గర నిలబడి మూయమని ఆజ్ఞ ఇప్పించాను. మోటారు 'డుమ్' అని ఒక్కసారి అదిరి ఆగిపోయింది. లోపల బరువు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా దాన్ని ఆపేసే స్విచ్ ఒకటి వాల్వులోనే ఉంటుంది. ఆ స్విచ్ తీగను కంట్రోలర్ దాకా తేలేదు. తెచ్చుంటే నిన్ననే సంగతి తెలిసేది. అది మా లోపం.

"మోటారు కదలట్లేదు సార్. ఎన్ని సెకన్లిచ్చినా అక్కడే ఉంటుంది," అన్నాను.

"అయితే స్విచ్ పోయుంటుంది. వాల్వు మూసుకునే ఉంది, స్విచ్ చెప్పట్లేదు. ఒక వైరు ముక్కతో ఆ లిమిట్ స్విచ్ రెండు కొసలూ కలిపేయమ్మా. పంపు లేస్తుంది. కొత్త స్విచ్ నెమ్మదిగా వేసుకోవచ్చు."

అదీ జరగొచ్చు. నాకూ మొదట అదే అనుమానం. వాల్వు మీది మూత విప్పి, మూసుకున్నట్టు చెప్పే స్విచ్‌ను వేలితో నొక్కాను. ప్యానెల్ దగ్గర నిలబడ్డ ఆపరేటరు గారు "దీపం వెలిగిందండి" అని అరిచారు. వదిలేస్తే "ఆరిందండి" అన్నారు. స్విచ్ బాగానే ఉంది. రేకుతో పాటు తిరుగుతూ దాన్ని నొక్కాల్సిన ఇనప పన్ను ఇంకా దాని దాకా రాలేదు. తరవాత లాప్‌టాప్ తగిలించి పొజిషన్, అంటే వాల్వు ఎంత తెరిచి ఉందో చెప్పే సిగ్నల్, చూశాను. ఏడు శాతం. తీగ మీద మీటరు పెట్టి కొలిచాను. నాలుగు మిల్లీఆంపులుంటే పూర్తిగా మూసినట్టు, ఇరవై ఉంటే పూర్తిగా తెరిచినట్టు. ఐదుకు పైన కాస్త చూపించింది. లెక్క వేస్తే అదీ ఏడు శాతమే.

"సార్, స్విచ్ మూసుకోలేదంటోంది. పొజిషన్ కూడా మూసుకోలేదంటోంది. రెండూ వేరు వేరు తీగలండి. రెండూ ఒకే అబద్ధం చెప్పవు," అన్నాను.

"ఏడు శాతమే కదమ్మా!"

"ఆ ఏడు శాతంలోంచి నిన్న సాయంత్రం నుంచీ వడకట్టని నీళ్లు సంపులోకి దిగుతున్నాయండి."

ఏఈ గారు మా సార్‌కు ఫోన్ చేసి, నా చేతికిచ్చారు. "ఇవాళ్టికి కలిపెయ్యమ్మా. పెద్దవాళ్లతో వాదన ఎందుకు," అన్నారు మా సార్. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

"నేను కలపను సార్. మీరు ఇంకెవరినైనా పంపి కలిపించుకోండి. ఆ వైరు వేస్తే, ఇక వాల్వు తెరిచున్నా మూసున్నా కంట్రోలర్‌కు తెలియదు. ఆ నీళ్లు తాగేది పిల్లలండి," అన్నాను. మా సార్ "సరే, నీ ఇష్టం. బాధ్యత నీదే" అని ఫోన్ పెట్టేశారు.

అప్పుడు ప్యానెల్ దగ్గరి నుంచి ఆపరేటరు గారు ముందుకొచ్చారు.

"సార్, ఒక మాటండి. నిన్న సాయంత్రం ఆ పైపు మీద చెయ్యి పెడితే సన్నగా వణుకు తెలిసిందండి. లోపల నీళ్లు పారుతున్నట్టు. కొత్త మిషన్ల గురించి మనం చెప్తే ఎవరు వింటారులే అని ఊరుకున్నాను. పై ఛానెల్ ఖాళీ చేస్తే చేత్తో తిప్పి తేల్చేయొచ్చండి. అరగంట పని."

ఏఈ గారు ఆయన వంకా నా వంకా చూశారు. మోగుతున్న ఫోన్‌ను జేబులో పడేసుకుని, "కానివ్వండి," అన్నారు.

వాల్వు పూర్తిగా తెరిచి మళ్లీ మూసి చూడాలంటే దాని పైన చుక్క నీరు ఉండకూడదు. లేకపోతే ఇంకా సంపులో కలుస్తుంది. ఛానెల్‌లోని నీటిని అడుగునున్న పైపు గుండా వదిలేశారు. అది ఖాళీ అవుతుండగా నేను ఆ వాల్వు మోటారుకు కరెంటు ఆపి, ఫ్యూజులు పీకి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. చెయ్యి లోపల పెట్టినప్పుడు ఎవరైనా పొరపాటున బటన్ నొక్కితే చెయ్యి పోతుంది.

ఆపరేటరు గారు పక్కనున్న మీటను వంచి, చక్రాన్ని మోటారు నుంచి విడదీశారు. ముందు పూర్తిగా తెరిచారు. లాప్‌టాప్ మీద వంద శాతం వచ్చింది. తరవాత మూయడం మొదలుపెట్టారు. ఒక్కో చుట్టుకూ పైకే లెక్కపెట్టారు. "ముప్పై తొమ్మిది... నలభై... నలభై ఒకటి." అక్కడ చక్రం బిగుసుకుంది. ఆయన రెండోసారి బలం పెట్టలేదు. చేతులు తీసేశారు.

"దీనికి నలభై నాలుగు చుట్లండి. గోడ మీద ఉంది చూడండి. ఇంకా మూడు చుట్లు తిరగాలి."

నలభై నాలుగులో మూడు ఎంత శాతమో నేను కాగితం మీద చూసుకున్నాను. ఏడు. తలెత్తి తెర వంక చూశాను. అక్కడా ఏడే.

నేను నాలుగు మిల్లీఆంపులు, ఇరవై మిల్లీఆంపులు అని లెక్కలు కట్టి తేల్చిన సంగతిని ఆయన అరచేతులతో తేల్చారు. కాగితం ఆయనకు చూపించాను. "మీ లెక్కా కంట్రోలర్ లెక్కా ఒకటే బాబాయి గారూ," అన్నాను.

"అదేంటండి, నాకంటే అదే ఎక్కువ చదువుకుందనుకున్నానే!" అన్నారు ఆయన. ఆ రోజు మొదటిసారి నవ్వారు.

టార్చి పట్టుకుని ఆయన ఖాళీ ఛానెల్‌లోకి దిగారు. పైపు నోరు ఛానెల్ గోడలోనే ఉంది, వాల్వు రేకు చెయ్యందే దూరంలో. టార్చి వేసి చూసి ఏఈ గారిని పిలిచారు. ఏఈ గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని బురదలోకి దిగారు. నేనూ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని దిగాను. గుండ్రటి రేకు పక్కన విదియ నాటి చంద్రవంకలా ఒక సందు. ఆ సందుకు అడ్డంగా ఒక ఇనప ఊచ ముక్క. కాంక్రీటు పనిలో మిగిలిపోయింది, వేలంత లావు, జానెడు పొడవు. సంపు కడిగేటప్పుడు నీటి ఉరవడికి కొట్టుకొచ్చి రేకుకూ రబ్బరు అంచుకూ మధ్య ఇరుక్కుంది.

నన్ను పైకి పంపి చక్రాన్ని పది చుట్లు వెనక్కి తిప్పించుకుని ఆపరేటరు గారు భుజం దాకా చెయ్యి పెట్టి ఊచను బయటికి లాగారు. ఏఈ గారు దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వైరు కలిపేసుంటే..." అన్నారు.

నిజమైన కష్టం అప్పుడు ఆయనకొచ్చింది. సంపు నిండా ఉన్న నీరు పనికిరాదు. అదంతా వదిలేసి, సంపును బ్లీచింగ్ పౌడరుతో కడిగి, ఫిల్టర్ల నీటితో మళ్లీ నింపాలి. మూడు రోజుల నుంచి నీళ్లు లేని ఊళ్లకు "ఇంకా ఆగండి" అని చెప్పాలి. ఆయన ఛానెల్ గట్టు మీద బురద కాళ్లతోనే కూర్చుని ఒక్కొక్క సర్పంచుకూ తనే ఫోన్ చేశారు.

"ఏవండీ, నీళ్లున్నాయండి, కానీ అవి మంచివి కావు. పారబోస్తున్నాను. సాయంత్రం దాకా ఓపిక పట్టండి. ట్యాంకర్ ఒకటి పంపిస్తున్నాను... తిట్టండి, ఫర్లేదు, నన్నే తిట్టండి." ప్యానెల్ చెడిందని కానీ, వర్క్‌షాపు వాళ్లదే తప్పని కానీ ఆయన ఒక్కరితోనూ అనలేదు. ఆ గంటలో ఆ మనిషి నా దృష్టిలో చాలా పెద్దవాడయ్యాడు.

సంపు ఖాళీ అవుతున్నంతసేపూ నేను ఊరికే కూర్చోలేదు. వాల్వు లోపలి రబ్బరు అంచును ఆపరేటరు గారు వేలితో తడిమి చూశారు. కాస్త నొక్కుకుంది కానీ తెగలేదు. మోటారు మొండికేసి తోయకుండా ఆగిపోయింది కాబట్టే అది దక్కింది. నేను ప్రోగ్రామ్ మార్చాను. గడువు దాటితే ఇక తెర మీద ఊరికే "వాల్వు ఫెయిల్" అని రాదు. ఏ వాల్వో, మూసుకుంటూ ఆగిందో తెరుచుకుంటూ ఆగిందో, ఎన్ని శాతం దగ్గర ఆగిందో వస్తుంది. అలాగే, లిమిట్ స్విచ్ ఒక్కటి చెప్పినా చాలదు, పొజిషన్ కూడా రెండు శాతం లోపు ఉంటేనే మూసుకున్నట్టు లెక్క అని రాశాను. అలా రాస్తే, రేపెవరైనా వైరు ముక్కతో స్విచ్ కలిపేసినా పంపు లేవదు. ప్యానెల్‌లో రెండు ఖాళీ తీగలుంటే, మోటారును ఆపే స్విచ్ కబురు కూడా కంట్రోలర్‌కు అందేలా కలిపాను.

ఫ్యూజులు తిరిగి పెట్టి, వాల్వు తెరిచి, మూయమన్నాను. ఆపరేటరు గారు వాల్వు మీద అరచెయ్యి వేసి నిలబడ్డారు. నేను తెర మీద అంకెలు చదివాను. అరవై, నలభై, ఇరవై, ఏడు. ఈసారి అంకె అక్కడ ఆగలేదు. నాలుగు, రెండు, సున్నా. ముప్పై ఎనిమిదో సెకనులో పచ్చదీపం వెలిగింది. ఛానెల్‌లోకి నీళ్లు వదిలాక ఆయన పైపు మీద చెవి ఆనించి విన్నారు. "నిద్రపోతోందండి," అన్నారు.

సాయంత్రం ఆరింటికి, ఎండ ఇంకా ఉండగానే, సంపులో నీరు సరిపడా పెరిగింది. ఏఈ గారు పంపు బటన్ నొక్కమని ఆపరేటరు గారికి చెప్పారు. ఆయన వద్దని నన్ను ముందుకు నెట్టారు. నేను నొక్కాను. పంపు లేచింది, నేల అదిరింది, గొట్టంలో నీరు ఎక్కిన చప్పుడు వినిపించింది. అరగంటకు ఏఈ గారి ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఆయన వినగానే నవ్వి, ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు. అవతల ఎవరో పెద్దాయన, వెనకాల బిందెల చప్పుడు, ఆడవాళ్ల కేకలు. "వచ్చాయండి సారూ, వచ్చాయి నీళ్లు. తేటగా ఉన్నాయి."

మర్నాడు మా సార్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. తిడతారనుకున్నాను. బల్ల మీద కొత్త డ్రాయింగులు ఉన్నాయి. "ఏఈ గారు ఫోన్ చేశారమ్మా. తాడేపల్లిగూడెం అవతల ఇంకో పథకం వస్తోందట. ప్యానెళ్లు మనవే. సైటుకు మాత్రం ఆ అమ్మాయినే పంపాలన్నారు," అని డ్రాయింగులు నా వైపు జరిపి, "నిన్న ఫోన్‌లో నేనన్నది తప్పు," అన్నారు. నాకు ఆ రెండో మాటే ఎక్కువ గర్వంగా అనిపించింది. యజమాని నోటి నుంచి అలాంటి మాట ఆ వర్క్‌షాపులో అంతకుముందు ఎవరూ వినలేదు.

నేనొక షరతు పెట్టాను. ఆ కొత్త పథకంలో వాల్వులు బిగించేటప్పుడు ఆపరేటరు గారిని వారం రోజులు మాతో పంపాలని. ఏఈ గారు వెంటనే ఒప్పుకున్నారు. ఆ వారమంతా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు. ఉంగుటూరు వైపు నుంచి కొత్తగా చేరిన ఆపరేటర్లను చుట్టూ నిలబెట్టుకుని ప్రతి వాల్వునూ వాళ్ల చేత చక్రంతో తిప్పించేవారు.

"చుట్లు పైకే లెక్కపెట్టండి. మనసులో అనుకుంటే తప్పిపోతారు," అనేవారు. ఆ తరవాత నా వైపు తిరిగి, "అమ్మాయి గారూ, మీ దాంట్లో ఎంతండి?" అని అడిగేవారు. నేను తెర మీది అంకె చెప్పేదాన్ని. ఆయన తల ఊపి, సున్నం ముద్దలో వేలు ముంచి గోడ మీద రాసేవారు.